సూది పడని పిల్ల

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో చీపురు పట్టే ఆవిడ దగ్గర్నుంచి అందరికీ తెలుసు. బందరులో జనరల్ మెడిసిన్ డాక్టరుగా చాలా ఏళ్లు పనిచేశాను, ఆ ఏళ్లతోపాటు కోపమూ పెరిగింది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఒక మాటకి. "పెన్సిలిన్ పడదండి" అని రోగి అనగానే జూనియర్లు ఇంకో ప్రశ్న వేయకుండా కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాసేస్తారు. పడక ఏమైంది? మందు వేసుకున్న ఎంతసేపటికి? ఎవరు చూశారు? ఇవేవీ ఎవరూ అడగరు.

అడిగితే ఏం తేలుతుందో నాకు తెలుసు. ఒకాయనకి విరేచనాలయ్యాయి. ఒకావిడకి వేడి చేసి నోట్లో పొక్కులొచ్చాయి. గుడివాడలో మా మేనత్త టీచరుగా రిటైరైంది, ఆవిడకి నోరు చేదుగా ఉందని ఎవరో ఎప్పుడో రాసిన ఎర్ర సిరా ఇప్పటికీ ఆవిడ వెంట తిరుగుతోంది. గొంతు వాచి ఊపిరాడక చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషికీ, కడుపులో తిప్పిన మనిషికీ ఒకటే ముద్ర. అందరినీ ఒకే గాటన కట్టేయడం తేలిక, విడదీయడానికే ఓపిక కావాలి. ఆ ఓపిక ఎవరికీ లేదని నేను వార్డులో అరిచేదాన్ని.

అలా అరిచే రోజుల్లోనే, వానాకాలం వెళ్లిపోతుండగా, గుడివాడ నుంచి అంబులెన్స్‌లో ఒక పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను కానీ డిగ్రీ చదువుతోంది. దివిసీమలో నాగాయలంక అవతల సముద్రపు వేట మీద బతికే ఊరు వాళ్లది. తండ్రి లేడు. తల్లి ఎండుచేపల గంపతో గుడివాడ బజారుకి వస్తుంది. పిల్లకి జ్వరం ఎన్నాళ్లకీ తగ్గకపోతే తనకి తెలిసిన ఊరు అదే కాబట్టి అక్కడ నర్సింగ్‌హోమ్‌లో చేర్పించింది. అక్కడివాళ్లు కొన్నాళ్లు చూసి మా దగ్గరికి పంపారు.

స్ట్రెచర్ దించకముందే ఆ తల్లి నా దగ్గరికి వచ్చింది. పిల్ల పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు.

"అమ్మగారూ, ముందు ఇది రాసుకోండి. మా పిల్లకి పెన్సిలిన్ పడదు. సెఫ్ట్రియాక్సోన్ కూడా పడదు. ఎవరు సూది పట్టుకొచ్చినా నన్నడక్కుండా చెయ్యనివ్వకండి" అంది.

సెఫ్ట్రియాక్సోన్ అన్న మాట మా జూనియర్ల కంటే శుభ్రంగా పలికింది. ఎవరి చేతో చెప్పించుకుని, దారి పొడవునా వల్లెవేసుకుంటూ వచ్చిందని తర్వాత తెలిసింది.

పిల్లకి చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, దాని వెనక కీళ్లు వాచి, గుండె కవాటం దెబ్బతింది. బీద ఇళ్లల్లో, ఒకే గదిలో పదిమంది పడుకునే ఇళ్లల్లో ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. దీనికి ఉన్న కాపుదల ఒకటే. మూడు వారాలకోసారి తుంటికి పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. ఆ ఇంజెక్షన్ ఉన్నంతకాలం గొంతులో ఆ క్రిమి నిలవదు, కీళ్లవాతపు జ్వరం మళ్లీ రాదు, కవాటం ఇంకా చెడిపోదు. మానేస్తే వచ్చిన ప్రతి జ్వరమూ కవాటాన్ని కొంచెం కొంచెం తినేస్తుంది. ఈ పిల్లకి అవనిగడ్డలో మొదలుపెట్టిన ఇంజెక్షన్లు కొన్నాళ్లకే ఆగిపోయాయి. పడలేదన్నారు. బదులుగా ఏవో మాత్రలు రాస్తే కడుపులో మంటని అవీ మానేసింది.

ఇప్పుడు ఆ పాడైన కవాటం మీదే క్రిములు గూడు కట్టాయి. పిప్పిపన్ను నుంచి రక్తంలోకి దిగి ఉంటాయి. రక్తపరీక్షలో దొరికిన క్రిమి పెన్సిలిన్‌కి లొంగే రకం, సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగుతుంది. ఆ రెంటిలో ఏదో ఒకటి వారాల తరబడి నరంలోకి ఎక్కించాలి. రెండూ పడవని రాసి ఉంది కాబట్టి గుడివాడలో వాంకోమైసిన్ ఎక్కిస్తూ వచ్చారు. నిజంగా పడని మనిషికి అది సరైన మందే. కానీ దానివల్ల ఈ పిల్లకి మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది. ఇంకా వారాలు అదే మందు మీద నడిపితే గుండెని కాపాడబోయి మూత్రపిండాలు పోగొట్టుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

నేను కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చున్నాను. సెఫ్ట్రియాక్సోన్ ఎలా పడలేదని అడిగాను. గుడివాడలో చేతి మీద టెస్ట్ డోస్ వేశారనీ, పెన్నుతో గుండ్రంగా గీత గీశారనీ, కాసేపటికి గీత దాటి ఎర్రగా పొంగిందనీ చెప్పింది. ఒళ్లంతా దద్దుర్లా, దురదా, ఆయాసమా? ఏమీ లేవు, ఆ ఎరుపొక్కటే.

ఈ టెస్ట్ డోస్ మన దగ్గర ఒక ఆచారం. సీసాలో కలిపిన మందు కలిపినట్టే, నీళ్లతో పలచన చేయకుండా, చర్మం కిందకి ఒక చుక్క ఎక్కిస్తారు. అంత చిక్కటి మందు ఎవరి చర్మం కిందకి వెళ్లినా మంటపుట్టి ఎర్రబడవచ్చు. అది చర్మం చిరాకే, అలెర్జీ కాదు. గుడివాడ వాళ్లని అని ఏం లాభం, మా వార్డులోనూ అదే తంతు, నేను ఎన్నిసార్లు గొడవపడ్డా.

"మరి పెన్సిలిన్?" అన్నాను.

"కళ్లారా చూశానమ్మగారూ. కాంపౌండరు సూది తీశాడో లేదో పిల్ల తెల్లగా పాలిపోయి కూలిపోయింది. చేతులు కాళ్లు కొట్టుకుంది. మా అక్కకి అయినట్టే అయింది."

అక్క పక్కనే ఉంది. పిల్లకి పెద్దమ్మ, గట్టి మనిషి, మాట మాత్రం మెల్లగా వస్తుంది. ఆవిడ కథ వేరు. గొంతునొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ అమాక్సిసిలిన్ బిళ్ల ఇచ్చాడట, అదీ పెన్సిలిన్ జాతిదే. మింగి గ్లాసు కింద పెట్టిందో లేదో అరిచేతులూ అరికాళ్లూ దురద. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచాయి, గొంతు పూడుకుపోయింది, మాట పోయింది. అవనిగడ్డ తీసుకెళ్లేసరికి బీపీ అందలేదు. అక్కడి డాక్టరు వెంటనే అడ్రినలిన్ చేసి బతికించాడు. నేను వినగానే అనుకున్నాను, ఇది అసలైన అలెర్జీ, ఇందులో సందేహం లేదు.

తల్లిని టీ తాగి రమ్మని పంపి పిల్లని అడిగాను. పిల్ల ఆయాసపడుతూనే నవ్వింది.

"నాకు ఆ సూదంటేనే భయమండి. లావుగా ఉంటది, మందు తెల్లగా గంజిలా ఉంటది. ఆ రోజు పొద్దున్నుంచి ఏం తినలేదు. లైన్లో నిలబడ్డప్పుడే చెమటలు పట్టినై. సూది చేశాక లేచి నిలబడ్డా. చెవుల్లో గుయ్యిమంది, కళ్ల ముందు నల్లగా అయింది. మళ్లీ చూస్తే కింద పడుకుని ఉన్నా, అమ్మ ఏడుస్తోంది."

"దురదగానీ దద్దుర్లుగానీ?"

"లేవండి."

"మొహం వాచిందా? ఆయాసం?"

"లేదండి. వాంతయింది. కాసేపటికి ఇడ్లీ తిన్నాను కూడా. అమ్మతో అదే చెప్పాను, నాకేం కాలేదని. వినదు."

ఖాళీ కడుపు, భయం, నొప్పి, నిలబడటం. స్పృహ తప్పడానికి ఇవి చాలు. రక్తం కాళ్లలోకి జారి, మెదడుకి కాసేపు చాలక మనిషి కూలుతుంది, పడుకోబెడితే లేస్తుంది. చేతులు కాళ్లు కొట్టుకోవడమూ అందులో ఉంటుంది. అంతకు ముందు ఏడాదే అక్క చావుబతుకుల మీద కొట్టుకోవడం చూసిన ఆ తల్లి, పిల్ల పడిపోగానే పిల్లలో అక్కని చూసింది. ఆ రోజు అక్కడున్న కాంపౌండరూ అదే మాటన్నాడు. ఇంక ఆ మాటని ఎవరు కదిలించగలరు? ఊరూరా, ప్రతి ఆసుపత్రి గుమ్మంలో, పేరుకన్నా ముందు చెప్పుకుంటూ వచ్చింది. పిల్లని ఆ మందు నుంచి కాపాడటమే ఆవిడకి వ్రతమైపోయింది.

ఆవిడ తిరిగొచ్చాక చెప్పాను. మీ అక్కకి పడదు, నిజం. మీ పిల్లది అలెర్జీ కాదు. ఇది అక్క నుంచో తల్లి నుంచో వచ్చే ఆస్తి కాదు. ఒకవేళ పెన్సిలిన్ నిజంగా పడకపోయినా సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వొచ్చు, రెండూ దూరపు చుట్టాలే గానీ, మందు అణువుకి తోకలా ఉండి అలెర్జీ తెచ్చే కొస రెంటికీ ఒకటి కాదు.

"చేతి మీద పొంగింది కదమ్మగారూ. నా కళ్లతో చూశాను" అంది.

"మీ కళ్లు మంచివేనమ్మా, చూసినదానికి అర్థం వేరు."

"నాకున్నది ఇదొక్కతే. మీరు ఏం చెప్పినా నేను ఒప్పుకోను."

నాకు కోపం వచ్చింది. నర్సుని పిలిచి సెఫ్ట్రియాక్సోన్ సీసా కలపమన్నాను, పలచన చేయకుండా. నా చేయి చాపి టెస్ట్ డోస్ వేయమన్నాను. ఆ మందు అంతకుముందు నాకు చేశారు, ఏమీ కాలేదు, ఆ ధైర్యం ఉంది. అయినా మా ప్రొఫెసర్లు చూస్తే చెవి మెలిపెట్టేవాళ్లు. నర్సు బిక్కచచ్చిపోయి వేసింది. పెన్నుతో గీత కూడా గీయించాను. తల్లి, పెద్దమ్మ, పిల్ల, ముగ్గురూ నా చేతినే చూస్తూ కూర్చున్నారు. మంట పుట్టింది. కాసేపటికి గీత దాటి ఎర్రగా పొంగింది.

"చూడండి, నాకూ పడలేదు. ఇప్పుడు నేనేమన్నా చచ్చానా?" అన్నాను.

పిల్ల పడీ పడీ నవ్వి దగ్గు తెచ్చుకుంది. తల్లి నవ్వలేదు. నా చేతి మీద ఎరుపుని బొటనవేలితో నొక్కి చూసింది. వేలు తీసి, "చెయ్యండి. నేను ఇక్కడే ఉంటా" అంది.

సెఫ్ట్రియాక్సోన్ మెల్లగా ఎక్కించాము. ఏమీ కాలేదు. వాంకోమైసిన్ ఆపాక మూత్రపిండాలు తేరుకున్నాయి. జ్వరం దిగింది. పిల్ల మంచం మీద కూర్చుని జడ వేసుకునేది, పరీక్షలు పోతాయని బెంగపడేది. గుండె డాక్టరు మాత్రం ఎకో చూసినప్పుడల్లా పెదవి విరిచేవాడు. కవాటం ముందే చాలా పాడైంది, దాని మీద ఈ క్రిములు. ఆ మాట నేను తల్లికి సగమే చెప్పాను.

పిల్ల కాస్త నిలదొక్కుకున్నాక పెన్సిలిన్ సంగతి తేల్చాలన్నాను.

"ఈ మందు పడింది కదమ్మగారూ, అది మళ్లీ ఎందుకు?" అంది తల్లి.

"ఇది ఈ జబ్బుకి. ఇంటికెళ్లాక మూడు వారాల ఇంజెక్షన్ మళ్లీ మొదలవ్వాలి. పడదన్న మాట కొట్టేయకపోతే దివిసీమలో ఎవరూ ఆ సూది ముట్టుకోరు."

అమాక్సిసిలిన్ బిళ్ల ఒకటి పిల్ల చేత మింగించాను. పెద్దమ్మని అంతపని చేసిన మందే. అడ్రినలిన్ ముందే సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకున్నాను. పెద్దమ్మ తన గాలి తగలకూడదని వరండా చివరికి వెళ్లి గోడకేసి తిరిగి నిలబడింది. తల్లి పిల్ల అరిచేయి తన ఒళ్లో పెట్టుకుని, చేప పొట్టలో పురుగు వెతికినంత శ్రద్ధగా చర్మాన్ని చూస్తూ కూర్చుంది. మెడ చూసింది, పెదాలు చూసింది, మాట్లాడించి గొంతు వింది. నాడి, బీపీ నేను చూస్తూ ఉన్నాను. గంట దాటింది. పిల్ల, "ఆకలేస్తోందే అమ్మా" అంది.

నాకు పట్టరాని సంతోషం. కేస్ షీట్ తెప్పించి ఎర్ర సిరా మాట అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాను. తల ఎత్తితే తల్లి నన్నే చూస్తోంది. ఆ మొహంలో సంతోషం లేదు.

"అమ్మగారూ, మరి ఆ రోజు కూడా దీనికి పడినట్టేనా?"

పిల్ల వింటోంది.

"ఆ రోజు కళ్లు తిరిగాయమ్మా. అంతే" అన్నాను.

"మరి సూది ఆపకుండా ఉంటే?"

"మీకు అందరూ అదే చెప్పారు. మీ తప్పేం లేదు."

"నేనడిగింది తప్పు సంగతి కాదు" అంది.

అబద్ధం నా నోటికి రాలేదు. ఆపకుండా ఉంటే కవాటం ఇంతగా చెడి ఉండేది కాదేమో అన్నాను. ఆ 'ఏమో' ఆవిడ కోసం చేర్చాను. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. పిల్ల చేయి ఒళ్లోంచి మెల్లగా తీసి మంచం మీద పెట్టింది. ఇడ్లీ తెస్తానని బయటికి వెళ్లింది. పిల్ల నావైపు చూసి, "ఎందుకండీ చెప్పారు?" అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు, ఊరికే అడిగింది.

ఆ తర్వాత తల్లి వార్డులో మాట్లాడటం తగ్గించింది. ఎవరు సూది పట్టుకొచ్చినా ఇది ఏమిటని అడగడం మానేసింది. అంతకుముందు ప్రతి సీసా మీద పేరు చదివించుకునే మనిషి.

మందు ఎక్కించే చివరి వారం ఒక ఉదయం పిల్లకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. కవాటాన్ని పట్టి ఉంచే తాడు తెగింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి నోటి వెంట నురగ వచ్చింది. గొట్టం వేసి విజయవాడ పంపాము, ఆపరేషన్‌కి. పామర్రు దాటేదాకా అంబులెన్స్‌లో నేనూ వెళ్లాను, తర్వాత అక్కడి డాక్టరు ఎదురొచ్చి ఎక్కాడు. బల్ల మీదికి తీసుకెళ్లారు గానీ గుండె మళ్లీ కొట్టుకోలేదు. పెద్దమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను ఆ రోజు ఓపీ చూడలేదు. ఎవరి మీదా అరవలేదు కూడా.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా వైద్యమంతా. సెఫ్ట్రియాక్సోన్ క్రిముల్ని చంపింది, అందులో సందేహం లేదు. కానీ ఏళ్లుగా కరిగిపోయిన కవాటాన్ని అది తిరిగి ఇవ్వలేదు.

ఆ మరుసటి ఎండాకాలంలో ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. పెద్దమ్మ కాలికి ఆల్చిప్ప గీరుకుని పిక్కదాకా వాచింది, జ్వరం. నేను నోరు తెరిచేలోపే చెల్లెలు అంది.

"అక్కకి నిజంగానే పడదమ్మగారూ. బిళ్ల వేసుకోగానే దద్దుర్లు, పెదాల వాపు, గొంతు పట్టేసింది, బీపీ పడిపోయింది. అడ్రినలిన్ చేశారు. కళ్లు తిరగడం కాదు."

ఏ జూనియరూ అంత బాగా కేసు చెప్పలేదు నాకు. సెఫాజోలిన్ చేయించాను. అది కూడా సెఫ్ట్రియాక్సోన్ కులానిదే గానీ దాని కొస వేరు, అమాక్సిసిలిన్ పడనివాళ్లకి కూడా ఇవ్వొచ్చు. టెస్ట్ డోస్ వేయనివ్వలేదు. పక్కన కూర్చుని చూశాను. ఏమీ కాలేదు. వాపు తగ్గి ఇంటికి వెళ్లేరోజున, సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్ అనే బిళ్లలు మాత్రం ఎవరిచ్చినా వేసుకోవద్దనీ, వాటి కొస అమాక్సిసిలిన్ కొసకి దగ్గరగా ఉంటుందనీ చెప్పాను. చెల్లెలు ఆ రెండు పేర్లూ నా చేత పలికించుకుని, తనూ పలికి సరిచూసుకుంది.

అక్కని ఆటోలో కూర్చోబెట్టి ఆవిడ ఒక్కతే వెనక్కి వచ్చింది.

"మీకో మాట చెప్పాలమ్మగారూ."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మీరు మంచి మనిషి. మా పిల్ల కోసం చేతికి సూది పొడిపించుకున్నారు. మీ మీద నాకు కోపం లేదు" అంది. కొంగు సరిచేసుకుంది. "అది పోయింది, సరే. కానీ అన్నేళ్లూ దాన్ని సూది నుంచి నేనే కాపాడుకున్నానని ఉండేది. ఎవరికి చెప్పుకున్నా చెప్పుకోకపోయినా నాకు అది ఉండేది. అదొక్కటీ నాకు ఉంచి ఉంటే బాగుండేదమ్మగారూ."

నేను లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. ఆవిడ దండం పెట్టి వెళ్లిపోయింది. బయట క్యూలో నెక్స్ట్ ఎవరని నర్సు అడుగుతోంది. ఒక ముసలాయన లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంటూనే, తనకి పెన్సిలిన్ పడదన్నాడు.

ఏమైందని అడగడానికి నాకు చాలాసేపు పట్టింది.